విదేశం నుంచి బంగారు నగలు తెచ్చుకోవడం: ముందు నెలలు లెక్కపెట్టండి, తర్వాతే గ్రాములు

కువైట్, దుబాయ్, మస్కట్ నుంచి ఇంటికి వచ్చే మనవాళ్లలో ఎవరినడిగినా ఒకే లెక్క చెప్తారు: ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాములు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. లెక్క నిజమే. కానీ అది అందరికీ వర్తించదు. మీరు విదేశంలో ఎన్నాళ్లున్నారన్న దాన్ని బట్టి అదే గొలుసు మీద ఒక్క రూపాయి కూడా కట్టకుండా బయటికి రావచ్చు, లేదా దాని విలువలో మూడో వంతుకు పైగా సుంకం కట్టాల్సి రావచ్చు. అందుకే షాపుకు వెళ్లేముందే ఈ పని మొదలుపెట్టాలి. నగలు కొన్నాక రూల్ తెలుసుకుంటే చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఇక్కడ రాసేది భారతీయ పాస్‌పోర్టు మీద గానీ, భారత సంతతి వ్యక్తిగా గానీ విమానంలో ఇండియాకు వచ్చేవారి కోసం.

మొదటి పని: పాస్‌పోర్టు తీసి నెలలు లెక్కపెట్టండి

కస్టమ్స్ వాళ్ల దృష్టిలో నగలతో వచ్చే ప్రయాణికులు మూడు రకాలు.

ఏడాదికి పైగా విదేశంలో నివసించి వస్తున్నవాళ్లు మొదటి రకం. 40 గ్రాములు, 20 గ్రాముల మినహాయింపు వీళ్లకే. మన లెక్కలో చెప్పాలంటే ఆడవాళ్లకు ఐదు కాసులు, మగవాళ్లకు రెండున్నర కాసులు. అంతకు మించి తెచ్చిన బంగారం మీద వీళ్లకు తక్కువ రేటు సుంకం పడుతుంది.

ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉండి, ఏడాది నిండకుండా వస్తున్నవాళ్లు రెండో రకం. వీళ్లకు ఉచితం ఏమీ లేదు, మొదటి గ్రాము నుంచీ సుంకం కట్టాలి. అయితే తక్కువ రేటు వీళ్లకూ ఉంటుంది. ఈ రేటును 2024 జూలై 24 నుంచి 6 శాతానికి తగ్గించారు. అందులో 5 శాతం కస్టమ్స్ సుంకం, 1 శాతం వ్యవసాయ సెస్సు. అంతకుముందు ఇది 15 శాతం ఉండేది. బడ్జెట్‌లోనే కాదు, మధ్యలో నోటిఫికేషన్‌తోనూ ఈ రేటు మారుతుంది. టికెట్ బుక్ చేసిన రోజున ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

టూర్‌కో, షాపింగ్‌కో, పిల్లల దగ్గరికో వెళ్లి ఆరు నెలల్లోపే తిరిగొస్తున్నవాళ్లు మూడో రకం. బంగారం విషయంలో వీళ్లకు ఏ సడలింపూ లేదు. మామూలు బ్యాగేజీ రేటు 35 శాతం, దాని మీద పదో వంతు సర్‌చార్జి, మొత్తం 38.5 శాతం. దుబాయ్‌కి వారం రోజుల టూర్ వెళ్లి, అక్కడ చవకని నాలుగు గాజులు కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. షాపులో మిగిలిందనుకున్న దానికి ఎన్నో రెట్లు ఎయిర్‌పోర్టులో పోతుంది.

ఆరు నెలల లెక్కలో ఒక వెసులుబాటు ఉంది. మధ్యలో పెళ్లికో, పండక్కో ఇంటికొచ్చి వెళ్లినంత మాత్రాన లెక్క మళ్లీ మొదటికి రాదు. ఆ ఆరు నెలల్లో చేసిన రాకపోకలన్నీ కలిపి 30 రోజులకు మించకూడదు, ఆ వచ్చినప్పుడు బంగారం మీద ఈ తక్కువ రేటు వాడుకుని ఉండకూడదు. ఉదాహరణకు ఫిబ్రవరి 1న వెళ్లారు, ఏప్రిల్‌లో 12 రోజులు ఇంటికొచ్చారు, ఆగస్టు 20న తిరిగి వస్తున్నారు. ఏప్రిల్‌లో బంగారం తేకపోతే మీకు తక్కువ రేటు వస్తుంది. అదే 35 రోజులు ఉండి వెళ్లుంటే రాదు. అంతకుముందే ఆరు నెలలు నిండినవాళ్లు చాలామంది మధ్యలో వచ్చిన చిన్న ప్రయాణంలో రెండు కాసులు తెచ్చి తక్కువ రేటు వాడేసుకుంటారు, మళ్లీ ఆరు నెలలు నిండకముందే అసలు నగలు తెచ్చినప్పుడు ఇరుక్కుంటారు. పెద్ద కొనుగోలు ఉందనుకుంటే చిన్న ప్రయాణాల్లో బంగారం జోలికి వెళ్లకండి.

ఈ 30 రోజుల సడలింపు ఆరు నెలల నిబంధనకు సంబంధించినది. ఏడాది నిబంధనకు కూడా ఇదే వర్తిస్తుందని అనుకోకండి. నాలుగు నెలల కిందటే ఇంటికొచ్చి వెళ్లి ఉంటే, ఆ 40 గ్రాములు ఇస్తారో లేదో కౌంటర్‌లో ప్రశ్న రావచ్చు. అలాంటప్పుడు మీ నివాసం అక్కడే అని చూపించే కాగితాలు ఉండాలి. ఒప్పుకోకపోతే ఆ గ్రాములకు కూడా సుంకం కట్టే డబ్బు మీ దగ్గర ఉండాలి.

ఈ పరిమితులు ఎక్కడి నుంచి వచ్చాయి

1962 కస్టమ్స్ చట్టంలోని 79వ సెక్షన్ ప్రయాణికుల సామానుకు సుంకం మినహాయించే అధికారం ఇస్తుంది. ఎవరికి, ఎంత, ఏ షరతు మీద అనేది రూల్స్‌లో రాసుకోమంటుంది. అలా వచ్చినవే బ్యాగేజీ రూల్స్. నగల విషయంలో ప్రభుత్వం చేతిలో మూడు కొలతలున్నాయి: విదేశంలో ఉన్న కాలం, నగ బరువు, నగ విలువ. ఎప్పుడు ఏ కొలత వాడారన్న దాని మీదే మనకు దక్కేది ఆధారపడి ఉంటుంది.

చాలా ఏళ్లు విలువ మాత్రమే చూసేవాళ్లు. 1998 నాటి రూల్స్‌లో మగవాళ్లకు 10 వేల రూపాయలు, ఆడవాళ్లకు 20 వేలు ఉండేది. 2013లో దాన్ని 50 వేలు, లక్ష రూపాయలు చేశారు. 2016 రూల్స్‌లో బరువు కూడా చేర్చారు: 20 గ్రాములు, కానీ 50 వేలు మించకూడదు, 40 గ్రాములు, కానీ లక్ష మించకూడదు. రాసిన రోజుల్లో రెండు కొలతలూ దాదాపు కలిసే నడిచాయి. తర్వాత బంగారం ధర పెరిగింది, రూల్‌లోని అంకె మాత్రం కదల్లేదు. 2025లో పది గ్రాములు లక్ష దాటేసరికి మగవాళ్లకు రూల్‌లో 20 గ్రాములని ఉన్నా చేతికి దక్కేది ఐదు గ్రాములే. ఏళ్ల తరబడి కష్టపడి మెడలో ఒక గొలుసు వేసుకుని వచ్చినవాళ్లను ఆపి సుంకం అడిగే పరిస్థితి వచ్చింది. ఇది అన్యాయమని చాలామంది అడుగుతూ వచ్చారు, నా అభిప్రాయమూ అదే.

2026 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త బ్యాగేజీ రూల్స్‌లో ఆ విలువ పరిమితిని తీసేశారు. ఇప్పుడు బరువొక్కటే కొలత. బంగారం ధర ఎంత పెరిగినా 40 గ్రాములు 40 గ్రాములే. పాత లక్ష రూపాయల లెక్క ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది, పట్టించుకోకండి. ఫోన్లు, సెంట్లు, బట్టల్లాంటి వాటికి ఇచ్చే 75 వేల రూపాయల మినహాయింపు వేరే సంగతి. అది నగల కోటాకు అదనపు గ్రాములు కలపదు.

కాలం షరతు మాత్రం అలాగే ఉంది. అక్కడ నిజంగా బతుకుతూ సంపాదించుకుని నగలు చేయించుకున్నవాళ్లకు మినహాయింపు దక్కాలి, వారం టూర్ పేరుతో బంగారం మోసుకొచ్చేవాళ్లకు దక్కకూడదు అన్నది దాని ఉద్దేశం.

రెండో పని: నగలను మూడు కుప్పలుగా వేరు చేయండి

బయలుదేరే రెండు మూడు రోజుల ముందు మంచం మీద ఒక బట్ట పరిచి, తేదలచుకున్న బంగారమంతా అక్కడ పెట్టండి. ఒంటి మీద వేసుకొచ్చేవి కూడా. ఒంటి మీద ఉన్నవి లెక్కలోకి రావన్నది అపోహ, కొత్తగా కొన్నది మెడలో ఉన్నా సూట్‌కేసులో ఉన్నా ఒకటే.

రాళ్లు, ముత్యాలు పొదిగిన నగలు ఒక కుప్ప. ఏ రాయీ లేని సాదా బంగారు నగలు రెండో కుప్ప. నాణేలు, బిస్కెట్లు మూడోది. ఈ విభజన ఎందుకంటే మూడింటికీ రూల్ ఒకటి కాదు.

తక్కువ రేటు సాదా నగలకు, నాణేలకు, బిస్కెట్లకు వర్తిస్తుంది. రాళ్లు, ముత్యాలు పొదిగిన నగలను అందులోంచి మినహాయించారు. అంటే రాళ్ల హారం ఉచిత కోటాలో పట్టకపోతే దాని మీద 38.5 శాతమే. చాలామందికి తెలియని విషయం ఇది. షాపులో అందంగా ఉందని రాళ్ల సెట్ ఎంచుకుంటారు, రేటు తేడా ఇంత ఉందని కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

నాణేలు, బిస్కెట్లు నగలు కావు కాబట్టి వాటికి ఉచిత కోటా అసలు లేదు. ఐదు గ్రాముల నాణెం కూడా 40 గ్రాముల్లో కలవదు. నాణేలు 99.5 శాతానికి తగ్గని స్వచ్ఛతతో ఉండాలి. బిస్కెట్ మీద తయారీదారు సీరియల్ నంబరు, గ్రాముల్లో బరువు చెక్కి ఉంటే ఇబ్బంది తక్కువ. నగలు, నాణేలు, బిస్కెట్లు అన్నీ కలిపి తక్కువ రేటు మీద ఒక మనిషి తేగలిగింది కిలో వరకే.

ఇంకో జాగ్రత్త 24 క్యారెట్ గొలుసులు, కడియాల గురించి. పనితనం లేకుండా, లావు తీగ వంచి కొక్కెం పెట్టినట్టుండే నగలను కస్టమ్స్ వాళ్లు నగలుగా ఒప్పుకోరు. నగ రూపంలో తెస్తున్న ముడి బంగారమే అంటారు. వాళ్ల అనుమానానికి కారణముంది, స్మగ్లింగ్ చేసేవాళ్లు వాడేది ఈ పద్ధతే. ఉచిత కోటాలో తేవాలనుకునేది 22 లేదా 21 క్యారెట్‌లో, మామూలుగా ఇంట్లో వేసుకునే నగలా కనిపించేది అయితే ఈ తలనొప్పి ఉండదు.

మూడో పని: ఏది ఉచిత కోటాలో పెట్టాలో మీరే నిర్ణయించుకోండి

ఒక లెక్క చేసి చూద్దాం. రెండేళ్లు కువైట్‌లో పనిచేసి, మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి రాని ఒకావిడ తిరిగి వస్తోంది అనుకోండి. ఆవిడ దగ్గర 24 గ్రాముల రాళ్ల నెక్లెస్, 16 గ్రాముల సాదా గొలుసు, నాలుగు కలిపి 48 గ్రాముల సాదా గాజులు, 8 గ్రాముల నాణెం ఉన్నాయి. లెక్క తేలిగ్గా ఉండడానికి 22 క్యారెట్ పది గ్రాములు 1,20,000 రూపాయలు, నాణెం బంగారం పది గ్రాములు 1,30,000, తక్కువ రేటు 6 శాతం అనుకుందాం. రాళ్ల విలువ పక్కన పెడదాం.

ఆవిడ నెక్లెస్, గొలుసు ఉచిత కోటాలో చూపిస్తే సరిగ్గా 40 గ్రాములు. మిగిలిన గాజుల విలువ 5,76,000, దాని మీద 6 శాతం 34,560 రూపాయలు. నాణెం విలువ 1,04,000, దాని మీద 6,240. మొత్తం 40,800 రూపాయలు కట్టి బయటికి వస్తుంది.

అదే ఆవిడ ఏమీ చెప్పకుండా నగలన్నీ కౌంటర్ మీద పెట్టిందనుకోండి. అక్కడ గాజుల్లోంచీ గొలుసులోంచీ 40 గ్రాములు ఉచితం కింద తీసేసి, రాళ్ల నెక్లెస్ బయట మిగిల్చారనుకోండి. నెక్లెస్ విలువ 2,88,000 మీద 38.5 శాతం అంటే ఒక్కదానికే 1,10,880. మిగిలిన 24 గ్రాముల సాదా బంగారానికి 17,280, నాణేనికి 6,240. మొత్తం 1,34,400 రూపాయలు. బంగారం అదే, మనిషీ అదే, రూల్ కూడా అదే. తేడా 93,600 రూపాయలు.

అందుకే దిగాక కస్టమ్స్‌కు రాసిచ్చే డిక్లరేషన్‌లో నగలను విడివిడిగా రాయండి. ఏ నగను ఉచిత కోటాలో చూపిస్తున్నారో, దేనికి సుంకం కడతానంటున్నారో ఒక తెల్లకాగితం మీద బరువుతో సహా రాసుకుని వెళ్లండి. రాళ్లవి ముందు, తర్వాత సాదావి. అడిగేది మర్యాదగా, స్పష్టంగా అడగండి.

ఇవే నగలతో ఆవిడ ఎనిమిది నెలలకే తిరిగొస్తే ఉచిత కోటా ఉండదు. నెక్లెస్‌కు 1,10,880, సాదా 64 గ్రాములకు 46,080, నాణేనికి 6,240, మొత్తం 1,63,200 అవుతుంది. ఐదు నెలలకే వస్తే అన్నింటి మీదా 38.5 శాతం, అంటే 4,46,600 రూపాయలు. ఆరు నెలలకు పది రోజులు తక్కువ పడితే టికెట్ తేదీ మార్చుకోవడం ఎంత లాభమో ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

ఈ లెక్కల్లో పది గ్రాముల విలువ నేను ఊరికే అనుకున్నది. నిజంగా సుంకం లెక్క కట్టేటప్పుడు మీరు షాపులో ఎంతకు కొన్నారన్నది ఆధారం కాదు. బంగారానికి ప్రభుత్వం పది గ్రాములకు ఇన్ని డాలర్లని ఒక టారిఫ్ విలువ ప్రకటిస్తుంది. సాధారణంగా పదిహేను రోజులకోసారి దాన్ని సవరిస్తుంది. డాలర్ మారకం రేటు కూడా కస్టమ్స్ ప్రకటించినదే తీసుకుంటారు. బేరమాడి చవగ్గా కొన్నామని బిల్లు చూపిస్తే సుంకం తగ్గదు. మరి బిల్లెందుకంటారా? బరువుకు, క్యారెట్‌కు, నగ మీదేనన్న దానికి అదే సాక్ష్యం.

భార్యాభర్తలు కలిసి వస్తుంటే

ఒకరి కోటా ఇంకొకరికి కలవదు. భార్య దగ్గర 55 గ్రాములు, భర్త దగ్గర 5 గ్రాములు ఉన్నాయి, ఇద్దరిదీ కలిపి 60 గ్రాములే కదా అంటే కుదరదు. భార్యకు 15 గ్రాములు ఎక్కువైనట్టే, వాటికి సుంకం కట్టాలి. కొనేటప్పుడే ఎవరి నగ వారి పేరు మీద బిల్లు చేయించుకోండి, ఎవరి నగలు వారి హ్యాండ్‌బ్యాగులోనే ఉంచుకోండి. భర్త ఉంగరం, గొలుసు ఆయన బిల్లుతో ఆయన దగ్గరే ఉంటే ఆయన 20 గ్రాములు ఆయనకు దక్కుతాయి. కౌంటర్ దగ్గర నిలబడి ఒకరి మెడలోంచి తీసి ఇంకొకరికి వేయడం మాత్రం అనుమానాన్ని కొని తెచ్చుకోవడమే.

నాలుగో పని: కాగితాలు, కరెన్సీ

బిల్లు మీద నగ పేరు, గ్రాముల్లో బరువు, క్యారెట్, మీ పేరు, తేదీ ఉండాలి. గల్ఫ్ షాపుల్లో పేరు రాయించుకోకుండా వచ్చేస్తారు చాలామంది. రాయమంటే రాస్తారు, అడగండి. ఒక్కో నగను బిల్లు పక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాస్‌పోర్టుతో పాటు అక్కడి రెసిడెన్సీ కార్డు, వీసా పేజీలు, రాకపోకల ముద్రలు దగ్గరుంచుకోండి. ముద్రలు వేయని దేశాలైతే బోర్డింగ్ పాస్‌లు, టికెట్లు పనికొస్తాయి. పాత పాస్‌పోర్టు గడువు తీరి కొత్తది తీసుకున్నవాళ్లు పాతది కూడా తెచ్చుకోవాలి, నెలల లెక్క అందులోనే ఉంటుంది కదా.

డబ్బు విషయం మరిచిపోకండి. తక్కువ రేటు కావాలంటే సుంకం విదేశీ కరెన్సీలో కట్టాలన్నది షరతు. చేతిలోని దినార్లన్నీ రూపాయల్లోకి మార్చుకుని విమానమెక్కి, ఇక్కడికొచ్చాక టెన్షన్ పడేవాళ్లు చాలామంది. మీ లెక్కకు వచ్చిన సుంకానికి ఇంకో పదిహేను, ఇరవై శాతం ఎక్కువే డాలర్లు లాంటి చెల్లుబాటయ్యే కరెన్సీలో ఉంచుకోండి. విదేశీ బ్యాంకు కార్డు కూడా వెంట ఉంటే మంచిది.

ఇంకొకరి నగలు మాత్రం తీసుకోకండి. విమానాశ్రయంలోనో, రూమ్‌లోనో పరిచయమైనవాళ్లు "మీ కోటా ఎలాగూ మిగిలింది కదా, ఈ రెండు గాజులు వేసుకెళ్లండి, బయట మావాళ్లు తీసుకుంటారు" అంటారు. టికెట్ ఖర్చు ఇస్తామంటారు. మినహాయింపు మీ సొంత నగలకే. వేరేవాళ్ల బంగారం మోస్తూ దొరికితే కేసు మీ మీద పడుతుంది, ఇచ్చినవాడు కనిపించకుండా పోతాడు.

ఐదో పని: దిగాక రెడ్ ఛానల్‌లోకి వెళ్లండి

మీ నగలు ఉచిత పరిమితిలోపే ఉండి, ఏడాది షరతు ఏ సందేహమూ లేకుండా నెరవేరితే గ్రీన్ ఛానల్‌లో వెళ్లవచ్చు. ఒక్క గ్రాము ఎక్కువున్నా, ఒక నాణెం ఉన్నా, నెలల లెక్కలో సందేహం ఉన్నా రెడ్ ఛానల్‌కే వెళ్లండి. గ్రీన్ ఛానల్‌లో నడవడమంటే "నా దగ్గర సుంకం కట్టాల్సినది ఏదీ లేదు" అని చెప్పడమే. ఆ తర్వాత ఆపి అడిగితే "ఇప్పుడు చెప్పబోతున్నాను" అన్న మాటకు విలువ ఉండదు. కస్టమ్స్ వాళ్ల అతిథి యాప్‌లో ప్రయాణానికి ముందే డిక్లరేషన్ నింపవచ్చు. ఫోన్ అలవాటున్నవాళ్లకు అదే నయం, క్యూలో నిలబడి హడావిడిగా రాసే బాధ తప్పుతుంది.

రెడ్ కౌంటర్‌లో మీ డిక్లరేషన్, పాస్‌పోర్టు చూసి, నగలు తూకం వేస్తారు. స్వచ్ఛత చూడడానికి అప్రైజర్‌ను పిలుస్తారు. తూకం వేసేటప్పుడు మీరు పక్కనే ఉండండి, ఒక్కో నగ బరువు మీ కాగితంతో సరిచూసుకోండి. తర్వాత సుంకం లెక్క వేసి చూపిస్తారు. మీకు ఏ రేటు వేశారో అడగండి. ఆరు నెలలు దాటినవారికి 38.5 వేసినట్టు కనిపిస్తే అక్కడే రాకపోకల తేదీలు చూపించి మాట్లాడండి. డబ్బు కట్టి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఎవరి చేతికీ ఇవ్వకండి.

డబ్బు సరిపోకపోతే, నగలు ఆపేస్తే

డిక్లేర్ చేశారు గానీ అప్పుడు కట్టేంత డబ్బు లేదు. అప్పుడు నగలను కస్టమ్స్ దగ్గరే ఉంచి డిటెన్షన్ రసీదు తీసుకోవచ్చు, తర్వాత సుంకం కట్టి విడిపించుకోవచ్చు. సుంకం కట్టడమే ఇష్టం లేకపోతే, మళ్లీ విదేశం వెళ్లేటప్పుడు తిరిగి ఇమ్మని అడిగే వీలు చట్టంలోని 80వ సెక్షన్ ఇస్తుంది. ఈ సెక్షన్ నిజాయితీగా డిక్లేర్ చేసినవారికే, దాచి దొరికినవారికి కాదు.

డిటెన్షన్ రసీదులో నగ వర్ణన, బరువు, స్వచ్ఛత ఉన్నాయో లేదో చూడండి. "గోల్డ్ జువెలరీ, ఒక ప్యాకెట్" అని మాత్రమే ఉంటే వివరంగా రాయమని అడగండి. మీ సంతకంతో ప్యాకెట్‌కు సీలు వేయించండి.

దాచారని, తప్పు డిక్లరేషన్ ఇచ్చారని అధికారి అనుకుంటే సంగతి డిటెన్షన్‌తో ఆగదు. నగలు స్వాధీనం చేసుకుంటారు, జప్తు చేయవచ్చు. విడిపించుకోవాలంటే సుంకంతో పాటు రిడెంప్షన్ ఫైన్, దాని మీద పెనాల్టీ కూడా పడతాయి. ఈ సమయంలో మీ ముందు ఒక అచ్చు కాగితం పెట్టవచ్చు: షోకాజ్ నోటీసు అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు అని. అలిసిపోయి, ఇంటికి ఎప్పుడు వెళ్తామా అన్న ఆరాటంలో సంతకం పెట్టేస్తారు. చదవకుండా పెట్టకండి. ఇలా ముందే అచ్చు వేసిన కాగితంతో నోటీసును, విచారణను వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2025లో చెప్పింది. సామాను స్వాధీనం చేసుకున్న ఆరు నెలల్లో నోటీసు ఇవ్వాలి. కారణాలు రాసి ఇంకో ఆరు నెలలు పొడిగించుకోవచ్చు. ఆ గడువులోగా ఇవ్వకపోతే వస్తువు తిరిగి ఇవ్వాలి. కాబట్టి రసీదు మీది తేదీని జాగ్రత్తగా రాసిపెట్టుకోండి.

ఇక్కడి నుంచే తీసుకెళ్లిన నగలైతే

మంగళసూత్రం, పెళ్లినాటి గాజులు ఒంటి మీద వేసుకుని వెళ్లి, వాటితోనే తిరిగొస్తారు చాలామంది ఆడవాళ్లు. ఎన్నాళ్లుగానో వేసుకుంటున్న సొంత నగలను కొత్తగా కొన్న నగల్లా చూడకూడదని కోర్టులు చెప్పాయి. కానీ కౌంటర్ దగ్గర వాదించడం కంటే వెళ్లేటప్పుడే కాగితం తీసుకోవడం తేలిక. దాని పేరు ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్. విమానం ఎక్కే రోజు చెక్-ఇన్‌కు ముందు డిపార్చర్‌లోని కస్టమ్స్ కౌంటర్‌కు నగలు చూపిస్తే, బరువు, వివరాలు రాసి ఇస్తారు. ప్రభుత్వ ఆమోదం ఉన్న వాల్యుయర్ దగ్గర ముందే విలువ కట్టించి, నగల ఫొటోలు తీసుకెళ్తే పని తొందరగా అవుతుంది. ఇందుకోసం రెండు గంటలు ముందుగా ఎయిర్‌పోర్టుకు చేరండి. తిరిగొచ్చినప్పుడు ఆ సర్టిఫికెట్ చూపిస్తే ఆ నగలు మీ 40 గ్రాముల కోటాను తినవు.

ఒకసారి సుంకం కట్టి తెచ్చిన నగలకు కూడా ఇదే వర్తిస్తుంది. కట్టిన రసీదును నగ బిల్లుతో కలిపి పెట్టుకోండి. మళ్లీ ఆ నగలతో విదేశం వెళ్తుంటే ఆ రెండూ చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. అప్పుడు అవే గాజులకు రెండోసారి సుంకం కట్టాల్సిన అవసరం రాదు.